వందన సమర్పణకి రెండు నిమిషాలు చాలు

సెమినార్ అనగానే యాంకరింగ్ ఎవరు, స్వాగతం ఎవరు అని పది రోజుల ముందే కొట్టుకుంటాం. వందన సమర్పణ మాత్రం ముందు రోజు రాత్రి "నువ్వు చెప్పేయ్ రా" అని ఎవరికో ఒకరికి అంటగడతాం. ఆ దొరికినవాడు స్వాగతం చెప్పేవాళ్ల దగ్గరున్న పేర్ల లిస్టు ఫోటో తీసుకుని, స్టేజీ మీద పైనుంచి కిందికి చదివేస్తాడు. మన సభల్లో చివరి ఘట్టం వరస తప్పడానికీ, సాగిపోవడానికీ సగం కారణం ఆ లిస్టే అంటాను నేను.

ఎందుకంటే సంబోధనకి ఒక వరస, కృతజ్ఞతకి ఇంకో వరస. మాట్లాడటం మొదలుపెట్టేవాళ్లు సభాధ్యక్షుల్ని ముందు పలకరిస్తారు, సభ ఆయన చేతిలో ఉంది కాబట్టి. కృతజ్ఞతలు చెప్పేవాళ్లు కాలేజీ తరఫున, అంటే ఇంటివాళ్ల తరఫున నిలబడతారు. వచ్చినవాళ్లకి ముందు, మనవాళ్లకి తర్వాత చెప్పాలి. ఛైర్మన్ గారు ఎంత పెద్దవారైనా ఆ రోజు ఆతిథేయి, అతిథి కాదు. ఆయన పేరు ముందు రాకపోతే బాగుండదేమో అన్న భయంతో ముఖ్య అతిథిని వెనక్కి నెట్టడం చాలాసార్లు చూశాను. వచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి, లోపలున్న మన తాతగారికి మంచినీళ్లు ఇచ్చినట్టు ఉంటుంది. (మంత్రిగారో కలెక్టర్ గారో వస్తే సంగతి వేరు. అప్పుడు వరస ప్రోటోకాల్ వాళ్లు చెప్తారు, మనం పాటించాలి.)

ఒక సెమినార్ అనుకుందాం. సివిల్ డిపార్ట్‌మెంట్‌ది, చెరువుల పూడికతీత మీద. వేదిక మీద నీటిపారుదల శాఖ ఇంజనీరు ముఖ్య అతిథి, వేరే యూనివర్సిటీ ప్రొఫెసర్ ప్రధాన వక్త. వాళ్ల పక్కన ఛైర్మన్, ప్రిన్సిపాల్, హెచ్.ఓ.డి., కన్వీనర్. కింద స్పాన్సర్, వాలంటీర్లు, మైకు చూసే అన్న, ప్రేక్షకులు. ముఖ్య అతిథితో మొదలుపెట్టి, తర్వాత వక్త, తర్వాత కాలేజీ పెద్దలు హోదా ప్రకారం, ఆపైన స్పాన్సర్, చివర పనిచేసిన చేతులు, విన్న చెవులు. ఇదీ వరస.

ఇక టైము. మన భాషలో "నా హృదయపూర్వక ధన్యవాదాలు తెలియజేసుకుంటున్నాను" అనడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. పద్నాలుగు మందికి విడివిడిగా అంటే ఆ ఒక్క వాక్యానికే దాదాపు నిమిషం పోతుంది. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కదా, ఆ వెసులుబాటు వాడుకోవాలి. "గారికి, గారికి" అని పేర్లు కలుపుకుంటూ పోయి చివర ఒక్కసారి ధన్యవాదాలు అంటే సరిపోతుంది. అతిథులిద్దరికి మాత్రం చెరో వాక్యం విడిగా ఉండాలి, అందులో వాళ్లు ఆ రోజు చెప్పిన ఒక సంగతి ఉండాలి. ఇలా:

"తవ్విన పూడిక మట్టిని పొలాలకి చేరిస్తేనే పని పూర్తయినట్టని చెప్పిన మా ముఖ్య అతిథి గారికి ధన్యవాదాలు. చెరువు లోతు కొలిచే పద్ధతులు బొమ్మలు గీసి చూపించిన ప్రొఫెసర్ గారికి ధన్యవాదాలు. ఈ సెమినార్‌కి అనుమతిచ్చి వెన్నంటి నిలిచిన ఛైర్మన్ గారికి, ప్రిన్సిపాల్ గారికి, హెచ్.ఓ.డి. గారికి, కన్వీనర్ గారికి మా విద్యార్థులందరి కృతజ్ఞతలు."

పేర్లు చేర్చినా ఇది నిమిషం దాటదు. మిగతా నిమిషంలో స్పాన్సర్, వాలంటీర్లు, మైకు అన్న, ప్రేక్షకులు హాయిగా పడతారు. ఆ "ఒక సంగతి" ముందు రోజు రాయలేం. ఉపన్యాసం జరుగుతున్నప్పుడు పెన్నుతో రాసుకోవాలి. అందుకే వందన సమర్పణ చెప్పేవాళ్లకి వేరే పని అప్పజెప్పకూడదు. భోజనాల కూపన్లు పంచుతూ బయట తిరిగినవాడు చివరికి "అమూల్యమైన ప్రసంగం" అని తప్ప ఏం చెప్పగలడు? అలాగని వక్త మాటలన్నీ మళ్లీ వినిపించొద్దు. ఒక్క వాక్యం దాటితే అది రెండో ఉపన్యాసం. జనం బ్యాగుల జిప్పులు లాగే చప్పుడు వినిపించిందంటే దాటిపోయామన్నమాటే.

ఆహ్వాన పత్రిక చూసి పేర్లు రాసుకుంటే చాలదు. పత్రిక అచ్చయ్యాక ఒకరు రాలేకపోవచ్చు, వాళ్ల బదులు ఇంకొకరు కూర్చోవచ్చు. జ్యోతి వెలిగించాక వేదిక మీది కుర్చీలు ఎడమ నుంచి కుడికి ఒకసారి లెక్కపెట్టి, చీటీలో ఉన్న పేర్లతో సరిచూసుకోవాలి. ఇనిషియల్, డాక్టరా ప్రొఫెసరా అన్నది కన్వీనర్ గారిని అడిగితే అర నిమిషం పని. శాలువాలు, మెమెంటోలు వందన సమర్పణకి ముందే అయిపోవాలి. ధన్యవాదాలు చెప్పాక శాలువా కప్పితే సభ మళ్లీ మొదలైనట్టుంటుంది. ముఖ్య అతిథి మధ్యలో వెళ్లిపోయినా ఆయన పేరు ముందే రావాలి. వెళ్లిపోయిన సంగతి ఎత్తక్కర్లేదు.

ఇంత చూసుకున్నా ఒక పేరు జారిపోతే? వేదిక మీద ఒకరు హెచ్.ఓ.డి. గారి వైపు తిరుగుతారు, కింద నుంచి చీటీ వస్తుంది. అప్పుడు "క్షమించాలి, మర్చిపోయాను" అంటే, అప్పటిదాకా గమనించనివాళ్లకి కూడా తెలిసిపోతుంది. తర్వాత చెప్పబోయే "గారికి"ల గుంపులో ఆ పేరు మొదట పెట్టి ముందుకెళ్లాలి. వాలంటీర్ల దాకా వచ్చేశాక చీటీ అందితే, ప్రేక్షకులకి చెప్పేముందు ఆ పెద్దాయనకి విడిగా ఒక వాక్యం చెప్పాలి. తర్వాత జాతీయ గీతానికి లేచి నిలబడమని అడిగి, మైకు స్టాండుకి పెట్టి పక్కకి జరగాలి.