ఐదుసార్లు వరుసగా ఓడితే తరీఖా తప్పు అయినట్టేనా?

పోయిన నెల పెద్దేముల్‌లో జుమా నమాజ్ అయ్యాక మా ఖాలా నన్ను ఇంటికి పిలిచింది. చాయ్ పెట్టి, గొంతు తగ్గించి అడిగింది: "బేటా, వీడు ఫోన్‌లో ఏదో షేర్ల పని చేస్తున్నడు. లక్ష రూపాయలు పోగొట్టిండు. నా గాజులు తాకట్టు పెడితే మళ్లీ వస్తయ్ అంటున్నడు. నువ్వు పేపరోడివి కదా, చెప్పు, ఇయ్యాల్నా వద్దా?"

ఆమె కొడుకు నోటుబుక్ తెచ్చి నా ముందర పెట్టాడు. నిజం చెప్పాలంటే పిల్లోడు పద్ధతిగానే రాసుకున్నాడు. అసలు పైసలు పెట్టకముందు కాగితం మీద 60 ట్రేడ్లు చేసి చూశాడు. 25 గెలుపు, 35 ఓటమి. కానీ ఓడినప్పుడు ఒక వంతు పోతే, గెలిచినప్పుడు రెండు వంతులు వచ్చాయి. అంటే 50 వచ్చి 35 పోయాయి, 15 వంతులు నఫా. "భాయీజాన్, తరీఖా సహీగానే ఉంది. నా తక్దీరే ఖరాబ్" అన్నాడు.

నాకు ఆ మాట నచ్చలేదు. తక్దీర్ మీద తోసేసే ముందు హిసాబ్ చూడాలి కదా. ఆప్షన్స్ జాయజా నాజాయజా అన్న మస్‌అలా ఉలమాలను అడగండి. నేను చెప్పేది ఒట్టి లెక్క.

వాడు ఏం చేశాడంటే, లక్ష రూపాయల్లో ప్రతి ట్రేడ్‌కు 20 వేలు పెట్టాడు. మొదటి ఐదు ట్రేడ్లూ వరుసగా పోయాయి. ఐదు ఇరవైలు లక్ష. ఖాతా ఖాళీ.

నేను నోటుబుక్ వెనక్కి తిప్పి వేలు పెట్టి చూపించాను. కాగితం మీద చేసిన ఆ 60 ట్రేడ్లలోనే రెండు చోట్ల ఐదేసి ఓటములు వరుసగా ఉన్నాయి. వాడి నజర్ వాటి మీద పడలేదు. కింద మొత్తం నఫా ఎంతో అదే చూశాడు. కానీ దారిలో ఎన్ని గుంతలున్నాయో ఆ మొత్తంలో కనపడదు.

నూటికి 40 గెలిచే తరీఖా ఉందనుకుందాం. నిజంగా నఫా ఇచ్చే తరీఖానే. ఐదు ట్రేడ్లు వరుసగా పోయే అవకాశం 0.6ను ఐదుసార్లు గుణిస్తే వస్తుంది. అది నూటికి ఎనిమిది కంటే కొంచెం తక్కువ. "అంతేనా" అనిపిస్తుంది. కానీ వంద ట్రేడ్లు చేసేవాడికి ఆ వరుస ఎక్కడైనా మొదలుకావచ్చు. అందుకే వందేసి ట్రేడ్లు చేసిన వంద మందిని తీసుకుంటే, తొంభై మందికి పైగా ఎక్కడో ఒక చోట ఐదు వరుస ఓటములు చూస్తారు. ఏడు వరుస ఓటములు కూడా దాదాపు మూడింట రెండు వంతుల మందికి వస్తాయి. అవి తప్పకుండా వచ్చే మెహమాన్లు. ఏ రోజు వస్తాయో మాత్రం చెప్పి రావు.

మరి ఆ మెహమాన్ వచ్చేసరికి ఇంట్లో బియ్యం ఉన్నాయా లేదా? అసలు సవాల్ అదే. ప్రతిసారీ చేతిలో ఉన్నదాంట్లో నూటికి 2 మాత్రమే పెట్టేవాడు ఏడుసార్లు ఓడినా, లక్షలో దాదాపు 87 వేలు మిగులుతాయి. నూటికి 20 పెట్టేవాడికి 21 వేలు మిగులుతాయి. మళ్లీ లక్ష కావాలంటే వాడు మిగిలినదాన్ని దాదాపు ఐదింతలు చేయాలి. తరీఖా అదే, ఓటములూ అవే. ఒకడు నిలబడ్డాడు, ఇంకొకడు బర్బాద్ అయ్యాడు.

ఇంకో వింత చూడండి. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ఒక లెక్క ఇచ్చాడు. ఇలాంటి తరీఖాకు ఆ లెక్క ప్రకారం పెట్టదగిన గరిష్ఠ భాగం నూటికి 10. దాన్ని 20కి పెంచితే ఎన్నేళ్లు ఆడినా సొమ్ము దాదాపు పెరగదు. 30కి పెంచితే, గెలిచే తరీఖాతోనే మెల్లమెల్లగా మునుగుతారు. 10 కూడా కలేజా ఉన్నవాళ్లకే. పైగా ఆ లెక్కకు మీ గెలుపు శాతం ఖచ్చితంగా తెలిసి ఉండాలి. ఆ శాతం మనం ఊహించుకునేదే కాబట్టి అందులో చిన్న భాగం పెట్టడమే అఖల్‌మందీ.

నఫా ఉందన్నది కూడా పక్కా కాదు. రెండింతలు వచ్చే ఆటలో నూటికి 33 గెలిస్తే బరాబర్. ఏ ఫాయిదా లేని తరీఖా కూడా వంద ట్రేడ్లలో 40 గెలవడం, పదిమందిలో ఒకరికి ఒట్టి ఇత్తేఫాక్‌గా జరుగుతుంది. కాబట్టి 60 ట్రేడ్ల నోటుబుక్ సబూత్ కాదు. కొన్ని వందల ట్రేడ్లు, బ్రోకరేజీ, పన్నులు తీసేశాక చూడాలి. సెబీ 2024 సెప్టెంబర్‌లో బయటపెట్టిన లెక్కలో, మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన సాధారణ మనుషుల్లో నూటికి 93 మంది నుక్సాన్‌లోనే ఉన్నారు. మన పిల్లోడు మిగిలిన ఏడుగురిలో ఉన్నాడని ఎవరు జమానత్ ఇస్తారు?

"సరే, నూటికి రెండే పెడతా" అన్నాడు వాడు. లక్షలో రెండు శాతం అంటే 2 వేలు. 2024 నవంబర్ తర్వాత 2025 చివరిదాకా నిఫ్టీ లాట్ 75 ఉండేది. ఆ లాట్ లెక్కన 2 వేలను 75తో భాగిస్తే 26 పాయింట్లు. అంటే కొన్న ఆప్షన్ ధర 26 పాయింట్లు తగ్గగానే బయటికి రావాలి. అంత తేడా మార్కెట్ తెరిచిన కొద్ది నిమిషాల్లోనే రావచ్చు. పైగా స్టాప్ లాస్ పెట్టుకున్న ధరకే అమ్ముడవుతుందన్న గ్యారంటీ లేదు. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ ఒక్కరోజే దాదాపు ఆరు శాతం పడింది. చిన్న మూలధనంతో ఈ ఆట చిన్నగా ఆడటం కుదరదు. లక్షతో దిగినవాడు ఇష్టం లేకపోయినా పెద్ద భాగమే పెడతాడు.

ఇదంతా వింటూ మూలన కూర్చున్న మా ఖాలూ నవ్వాడు. ఆయనకు నాలుగెకరాల వానపంట. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చినా, ఆయన వ్యవసాయంలో వరుసగా రెండేళ్లు పోయిన సందర్భాలున్నాయి. "కరువు రాదని నేనెప్పుడూ అనుకోలే. నాలుగెకరాలూ ఒకే పంట పెట్టలే. ఇత్తనాలు ముందే తీసి పక్కన పెట్టిన. అవి ఇంట్లో ఆకలైనా ముట్టలే" అన్నాడు. విత్తనం మిగిలినవాడికే వచ్చే తొలకరి పనికొస్తుంది. నేను అంకెలతో చెప్పిన మాటను ఆయన గింజలతో చెప్పాడు.

అందుకే ఖాలాకు నా రాయ్ సాఫ్‌గా చెప్పాను: గాజులు ఇవ్వకు. వాడు ఐదుసార్లు ఓడాడని కాదు. ఓటమి మామూలే. కానీ ఖర్జ్ తెచ్చి ఆడేవాడికి ఓటముల వరుస ఇంకా పొట్టిదైనా చాలు, ఎందుకంటే ట్రేడ్ గెలిచినా ఓడినా తాకట్టు వడ్డీ ఆగదు. ఆ గాజులు ఇంటి విత్తనం.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా పైసలు అడిగితే కోపం చేయకండి. మూడే అడగండి. ఒక్క ట్రేడ్‌లో ఎంత పోతుంది? పదిసార్లు వరుసగా పోతే ఎంత మిగులుతుంది? ఆ పోయేది ఎవరి సొమ్ము? మొదటి రెండింటికి రాసి చూపించే జవాబు లేకపోయినా, మూడోదానికి "ఘర్ వాలోంది" అన్న జవాబు వచ్చినా, మీ చేయి పెట్టె తాళం మీదే ఉండనీయండి.

ఖాలా గాజులు ఇంకా ఆమె చేతికే ఉన్నాయి. పిల్లోడు నాతో మాట్లాడటం లేదు. నోటుబుక్‌లో మాత్రం కాగితం ట్రేడ్లు రాస్తూనే ఉన్నాడట. రాయనీ. కాగితం మీద ఓడితే ఎవరి ఇల్లూ ఉజాడ్ కాదు.