పెళ్లిరోజు ఫోటోకు మన మాటల్లో జవాబు

బగాన్ దాతుక్ వైపు నుంచి ఒక సోదరి రాశారు. ఆమె, ఆమె స్నేహితురాలు ఒకే కొబ్బరి తోటలో, పక్కపక్క లైను ఇళ్లలో పెరిగారట. ఆ స్నేహితురాలు తన 25వ పెళ్లిరోజున ఒక ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టింది. తెలుక్ ఇంతాన్‌లోని ఒరిగిన గడియార స్తంభం ముందు బెంచీ మీద భర్త కూర్చున్నాడు, పక్కన ఆమె నిలబడి ఉంది. ఆయనకు కిందటేడు పెద్ద జబ్బు చేసింది. ఆ సంగతి గ్రూపులో అందరికీ తెలియదు. "అందరూ పెళ్లిరోజు శుభాకాంక్షలు అని పెట్టేశారు. నేనూ అదే పెడితే దానికి నేనెవరో గుర్తుంటుందా? ఏం రాయమంటారు?" అని ఈమె అడిగారు.

'శుభాకాంక్షలు' అన్న మాట తప్పు కాదు. కానీ అది పత్రికల మీద, పందిరి ముందు కట్టిన బట్ట మీద ఉండే మాట. మన ఇళ్లలో ఎవరూ ఎదురుగా నిలబడి అలా అనరు. 'నిండు నూరేళ్లు పిల్లాపాపలతో చల్లగా ఉండండి' ఇంటి మాటే గాని, పెద్దవాళ్లు అక్షింతలు వేసి చిన్నవాళ్లను దీవించే మాట. ఈడు స్నేహితురాలు అంటే సరదాకైనా పెద్దరికం చేసినట్టుంటుంది.

గడియార స్తంభం చూడగానే ఎవరికైనా ఒక మాట తోస్తుంది: "స్తంభం ఒరిగింది, మీరు మాత్రం ఒరగలేదు." బాగానే ఉంది. కానీ 1885లో కట్టిన ఆ స్తంభాన్ని ఊళ్లో అందరూ చూశారు, ఆ మాట పదిమందికి తోస్తుంది. పైగా జబ్బు నుంచి లేచిన మనిషి ముందు ఒరగడం, పడిపోవడం అన్న ఊసు ఎందుకు?

అందుకని స్తంభం వదిలేసి మనుషులను చూడమన్నాను. "ఆయన ఒడిలో ఏదో ఉంది కదా?" అని అడిగితే, "దాని చేతి సంచి" అన్నారు. "వాళ్ల పెళ్లిలో ఆయన గురించి మీకు గుర్తున్నదేమిటి?" అన్నాను. తలంబ్రాలప్పుడు పెళ్లికూతురి పళ్లెంలో బియ్యం అయిపోతే, పెళ్లికొడుకు తన పళ్లెం మెల్లగా ఆమె వైపు జరిపాడట. పక్కనే కూర్చున్న ఈమె చూశారు. ఫోటోలోని సంచి అందరికీ కనబడుతుంది, ఆ పళ్లెం ఈమెకే తెలుసు. రెండూ కలిస్తే జవాబు వచ్చేసినట్టే.

ఇక పిలుపు. స్నేహితురాలిని ఎప్పుడూ 'ఏమే' అంటారు, ఆమె భర్తను పెళ్లినాటి నుంచి 'అన్నయ్యగారు' అంటారు. ఆ పిలుపులే ఉంచాలి. ఇంట్లో 'ఏమే' అనే మనిషి ఫోటో కింద 'ప్రియమైన దంపతులకు' అని రాస్తే, ఎక్కడినుంచో తెచ్చి అతికించినట్టు వెంటనే తెలిసిపోతుంది. ఫోటోలో ఇద్దరున్నారు గనుక మాట ఇద్దరికీ చేరాలి. ఆరోగ్యం ఎలా ఉందన్న ప్రశ్న మాత్రం గ్రూపులో వద్దు, ఆ దంపతులు పదిమందికి చెప్పుకోని విషయం అది. సాయంత్రం ఫోను చేసి అడగవచ్చు.

చివరికి ఆమె పంపింది ఇది:

"ఏమే, ఆ రోజు తలంబ్రాలకు అన్నయ్యగారు తన పళ్లెం నీ వైపు జరిపారు, ఇవాళ నీ సంచి ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. ఇరవై ఐదేళ్లకీ మనిషి మారలేదు. అన్నయ్యగారూ, మీ ఇద్దర్నీ ఇలా చూస్తే నా కడుపు నిండింది. ఆదివారం వస్తున్నా, అరిసెలు నేను తెస్తాను, కాఫీ మీరు పెట్టండి."

ఇందులో 'సంతోషం', 'ప్రేమ' అన్న మాటలే లేవు, అయినా రెండూ తెలుస్తున్నాయి. జబ్బు మాట ఎత్తలేదు, కానీ 'ఇలా చూస్తే' అన్నది ఎందుకన్నారో ఆ ఇద్దరికీ అర్థమవుతుంది. ఆదివారం అని రోజు చెప్పారు కాబట్టి అది ఉత్తి మర్యాద కాదు.

మీరు రాసింది అరువు మాటో కాదో తెలుసుకోవాలంటే, దాన్ని మరో జంట ఫోటో కింద పెట్టి చూడండి. అక్కడా సరిపోతే ఇంకా మీ మాట కాలేదన్నట్టే. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, అక్షరాలు రావు. అలాంటివారు ఇదే మాటను ఫోనులో గొంతుతో పలికి పంపవచ్చు. అయితే కాగితం మీద రాసుకుని చదవకండి. చదివినట్టు వినబడితే గొంతు మీదైనా మాట అరువుదిగానే ఉంటుంది.