పాత సెలవులపై కొత్త కత్తెర

ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చిలో ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు తరచూ ఒక మెమో వస్తుంది. సిబ్బంది తగినంత విశ్రాంతి తీసుకోవాలనే ఉద్దేశంతో సెలవు విధానాన్ని సవరించామంటుంది. ఏప్రిల్ 1 నుంచి ఎర్న్‌డ్ లీవుల నిల్వ 30 రోజులు దాటకూడదని, దాటినవి ల్యాప్స్ అవుతాయని, వాటికి డబ్బు చెల్లించబోమని తేల్చేస్తుంది.

హైదరాబాద్‌లో అకౌంట్స్ విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగి లెక్క చూద్దాం. సెలవులకు లెక్కగట్టే జీతం నెలకు 36,000 రూపాయలు, నిల్వ 52 రోజులు అనుకుందాం. కొత్త పరిమితితో 22 రోజులు పోతాయి. రోజుకు 1,200 చొప్పున అది 26,400 రూపాయలు. మెమో మార్చి 20న వచ్చిందంటే, వాడుకోవడానికి మిగిలింది పదకొండు రోజులే. అదీ ఖాతాలు ముగించే సమయం. అప్పుడు ఆ విభాగంలో సెలవు మంజూరు చేసేదెవరు? ఏడాది పొడవునా పెట్టుకున్న దరఖాస్తులు పోర్టల్‌లో ‘రిజెక్టెడ్’ అని పడి ఉంటే, సెలవులు పేరుకుపోయిన తప్పు ఉద్యోగిది ఎలా అవుతుంది?

మెమో చెప్పని కారణం బ్యాలెన్స్ షీట్‌లో ఉంది. కూడబెట్టుకోదగిన సెలవులను కంపెనీ తాను తీర్చాల్సిన బాకీగా చూపాలని అకౌంటింగ్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ నిల్వను రద్దు చేస్తే బాకీ తగ్గి, ఆ మేరకు లాభం పెరుగుతుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకోవడం తప్పు కాదు. దాన్ని ఉద్యోగి ఆరోగ్యం పేరుతో చెప్పడం మోసం.

చట్టం కూడా ఈ కత్తెరకు ఒప్పుకోదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి 15 రోజుల వేతన సెలవు దక్కుతుంది. దాన్ని 60 రోజుల వరకు కూడబెట్టుకోవచ్చు. ఆ చట్టం వర్తించే ఉద్యోగికి 52 రోజుల నిల్వ హక్కే. 60 రోజుల కంటే తక్కువ పరిమితిని మెమోతో రుద్దే అధికారం యాజమాన్యానికి లేదు. పైగా కార్మికుల నిర్వచనంలోకి వచ్చేవారి వేతన సెలవుల షరతులను వారికి నష్టం కలిగేలా మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 9ఎ సెక్షన్ నిర్దేశించింది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ నిబంధనను నిలబెట్టింది.

విధానం మార్చాలనుకునే కంపెనీ చట్టం గీసిన గీత దాటకుండా ఇకపై జమయ్యే సెలవులకే కొత్త నియమం పెట్టుకోవాలి. పాత నిల్వను విడి ఖాతాలో ఉంచి, వాడుకోవడానికి కనీసం రెండేళ్లు గడువివ్వాలి, లేదా నేటి జీతం లెక్కన డబ్బు చెల్లించాలి. దరఖాస్తు చేసినా మంజూరు కాని రోజులను ఏ పరిమితిలోనూ కలపకూడదు. ఇవేవీ లేకుండా ఇప్పటికే జారీ చేసిన మెమోలను యాజమాన్యాలు వెనక్కి తీసుకుని, కోసేసిన రోజులను తిరిగి జమ చేయాలి. అలా చేయని చోట కార్మిక శాఖ అధికారులు ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా సెలవుల రిజిస్టర్లు తెప్పించుకుని తనిఖీ చేయాలి.