ఒక్క మనిషి, 58 రోజులు

సంపాదకుని మాట

చరిత్రలో ఒక సంఘటన బరువును మూడు కొలతలతో తూస్తాం: ఎంత పెద్దది, ఎన్నాళ్లు సాగింది, ఏం మిగిల్చింది.

1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకు కూర్చున్నారు. చూడబోతే ఒక్క మనిషి, 58 రోజులు. డిసెంబరు 15న కన్నుమూశారు. నాలుగు రోజులకే నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు.

దీక్ష ఒక్కటే కారణం కాదు; ఆంధ్రోద్యమానికి అప్పటికే నలభై ఏళ్లు. ఎండిన గడ్డివామికి నిప్పురవ్వ తగిలింది. ఫలితం తెలుగునేల దాటింది: 1956లో రాష్ట్రాల సరిహద్దులు ప్రధానంగా భాషల ప్రకారం మారాయి.

ఈ సంచిక వ్యాసాలను మూడు కొలతలతోనూ చదవండి. తీర్పు మాత్రం మూడోదానికే వదలండి.