దూరపు తేదీ చూసి గుడ్లు కొనే పద్ధతి మానండి

మన హాస్టల్ పిల్లలకు పెట్టిన గుడ్ల మీద గ్రూపులో నడిచిన మాటలన్నీ చదివాం. "కొన్ననాటికి డేటు ఇంకా పదహారు రోజులుంది, వంటింటివాళ్లు ఊరికే గొడవ చేస్తున్నారు" అని కొనుగోలు కమిటీ పెద్దలొకరు రాశారు. ఆ వంటింటి పని చూసే నలుగురం మేమే. గుడ్లు కుళ్లిపోయాయని మేము ఎక్కడా అనలేదు. పాత గుడ్లను కొత్త గుడ్ల ధరకు తెచ్చారన్నాం. ఇప్పటికీ అదే అంటున్నాం.

జరిగింది ఇదీ. ఏప్రిల్ 20న అంగడిలో రెండు రకాల పెట్టెలున్నాయి. ఒకదాని మీద ప్యాకింగ్ తేదీ ఏప్రిల్ 15, బెస్ట్ బిఫోర్ ఏప్రిల్ 29. రెండో దాని మీద ప్యాకింగ్ ఏప్రిల్ 6, బెస్ట్ బిఫోర్ మే 6. కమిటీవారు మే 6 చూసి రెండోది తెచ్చారు. దూరంగా ఉన్న తేదీ అయితే తాజా సరుకనుకున్నారు. లెక్క వేయండి. మొదటి పెట్టెకు ప్యాకింగ్ అయి 5 రోజులు, తెచ్చిన పెట్టెకు 14 రోజులు. ఒక కంపెనీ తన గుడ్లకు 14 రోజుల గడువు వేసుకుంది, ఇంకొకటి 30 రోజులు వేసుకుంది, అంతే తేడా. గడువు ఎక్కువ వేసుకున్నంత మాత్రాన గుడ్డు వయసు తగ్గదు. రెండు కంపెనీల పెట్టెలను పోల్చేటప్పుడు బెస్ట్ బిఫోర్ పక్కన పెట్టి, పీకేడీ అనో ప్యాక్డ్ ఆన్ అనో ఉన్న తేదీని చూడాలి. అది సాధారణంగా పక్కనో అడుగునో చిన్న చుక్కల అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని వెతకాల్సిందే. (అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన పెట్టె ఫోటోలో 096 అని ఉంటే అదీ ప్యాకింగ్ తేదీయే, ఏడాదిలో 96వ రోజు, అంటే లీపు సంవత్సరం కాకపోతే ఏప్రిల్ 6.)

సరే, ప్యాకింగ్ తేదీ కూడా పూర్తి నిజం చెప్పదు. అది గుడ్డు పెట్టెలోకి ఎక్కిన రోజు. కోడి పెట్టిన రోజు కాదు. ఫారంలో, గోడౌనులో, లారీలో అంతకుముందు ఎన్నాళ్లుందో పెట్టె చెప్పదు. యూరప్ చట్టంలో బెస్ట్ బిఫోర్ గుడ్డు పెట్టిన రోజు నుంచి 28 రోజులు దాటకూడదు. కాబట్టి అక్కడి పెట్టె మీది తేదీ నుంచి 28 రోజులు వెనక్కి లెక్కపెడితే, గుడ్డు అంతకంటే పాతది కాదని తెలుస్తుంది. మన పెట్టెతో ఆ లెక్క కుదరదు. 30 గుడ్ల ట్రేలో విడిగా అమ్మేవాటికైతే చాలాచోట్ల ఏ తేదీ ఉండదు.

అందుకే అంగడిలోనే గుడ్డును చూడాలి. వెడల్పు వైపు, పెంకు లోపల చిన్న గాలి గది ఉంటుంది. పెంకు రంధ్రాల గుండా తేమ పోయే కొద్దీ అది పెద్దదవుతుంది. అంగడిలో చీకటిగా ఉన్న మూలకు వెళ్లి, ఫోన్ టార్చిని వెడల్పు వైపు ఆనించి, చుట్టూ చేయి అడ్డం పెట్టండి. తెల్ల గుడ్డులో ఆ గది అంచు గీతలా కనిపిస్తుంది. తాజా గుడ్డులో దాని లోతు 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 6 దాటితే మేము కొనం. పెట్టెకు మూడు నాలుగు చూస్తే చాలు. గోధుమరంగు గుడ్లలో మాత్రం ఇది సరిగా కనిపించదు. ఇది రోజుల లెక్క చెప్పదని కూడా ఒప్పుకుంటాం. ఎండ తగిలే అంగడి ముందు ఉన్న గుడ్డు ఫ్రిజ్‌లో ఉన్నదానికంటే చాలా త్వరగా పాతబడుతుంది. కానీ వంటకు కావలసింది ఆ సంగతే కదా.

కమిటీవారు తెచ్చిన గుడ్లు ఉడికాక ఏమైందో మేము చూశాం. పెంకు ఒలిస్తే వెడల్పు వైపు లోతైన గుంట. చాలావాటిలో పచ్చసొన ఒక పక్కకు జరిగి తెల్లసొన అంచుకు చేరింది. రెండూ పాత గుడ్డు గుర్తులే. మిగిలినవాటిని నీళ్లలో వేస్తే ఎక్కువ భాగం అడుగున పడుకోకుండా వెడల్పు వైపు పైకెత్తి నిలబడ్డాయి. తేలలేదు, అందుకే పారేయలేదు. అయితే ఈ నీళ్ల పరీక్ష వయసునే చెబుతుంది. క్రిములున్నాయో లేవో చెప్పదు. అందుకే బాగా ఉడికించే పెట్టాం. ఒక మాట: మరీ తాజా గుడ్లకు పెంకు సరిగా ఊడదని వంటమ్మ విసుక్కుంటుంది. అది వేరే గొడవ.

పెద్దలను మేము అడిగేది ఒక్కటే. కొనుగోలు పుస్తకంలో ఇప్పుడున్న "గడువు తేదీ" గడి కొట్టేసి, "ప్యాకింగ్ తేదీ", "కొన్ననాటికి ఎన్ని రోజులు" అని రెండు గడులు పెట్టండి. ఏడు రోజులు దాటిన పెట్టె తేవద్దు. అంగడివాడు లేవంటే ఆ వారం పిల్లలకు పప్పు ఎక్కువ వండుతాం. వచ్చే శనివారం కొనడానికి మాలో ఇద్దరం టార్చితో వస్తాం. కమిటీవారూ రండి.