పసికందుకు అట్టల పాఠమా?

బాలింత గదిలో ఇప్పుడు ఆముదం సీసా పక్కనే నలుపు, తెలుపు, ఎరుపు గీతల అట్టల కట్ట ఒకటి కనిపిస్తోంది. రోజూ చూపిస్తే కంటి నరం బలపడుతుందని, మెదడు చురుకవుతుందని అమ్మేవాళ్ల మాట. పసికందు ఆ గీతల వంక చూస్తుందన్నది నిజం. ఆ తర్వాతదంతా అతికించిన కథ.

1963లో అమెరికాలో రాబర్ట్ ఫాంట్జ్ పుట్టి ఐదు రోజులైనా దాటని పిల్లలకు ఆరు బిళ్లలు చూపించాడు. మూడింటి మీద ముఖం, వలయాలు, వార్తాపత్రిక అచ్చు ఉన్నాయి. మిగతా మూడు సాదా తెలుపు, పసుపు, ఎరుపు. పిల్లలు గీతలున్నవాటినే ఎక్కువసేపు చూశారు. ఎరుపు ఉత్త రంగుగా వాళ్ల చూపును నిలబెట్టలేకపోయింది. పిల్లలు దేన్ని చూస్తారో ఈ ప్రయోగం చెప్పింది గానీ, చూస్తే తెలివి పెరుగుతుందని ఎక్కడా చెప్పలేదు.

"ఎంత ఏకాగ్రతో చూడండి" అని మురిసిపోతాం. నెల, రెండు నెలల వయసులో చూపు ఒకచోట అతుక్కుంటే, దాన్ని మళ్లించుకునే శక్తి బిడ్డకు ఇంకా పూర్తిగా రాదు. కాబట్టి ఆ చూపు ఆసక్తే కానక్కర్లేదు. బిడ్డ మొహం తిప్పుకున్నా, చిరచిరలాడినా అట్ట పక్కన పెట్టేయాలి.

ఇక దూరం సంగతి. పుట్టిన బిడ్డకు 30 సెంటీమీటర్ల దూరంలో సుమారు మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న చారలు విడివిడిగా తెలియడమే గొప్ప. అదే అట్టను మీటరున్నర ఎత్తున వేలాడదీస్తే చార వెడల్పు అయిదింతలు కావాలి, లేదంటే అంతా బూడిద రంగే. కప్పుకు వేలాడే ఫ్యాను రెక్కలంటే పిల్లలకు అంత మోజు అందుకే: తెల్ల కప్పు మీద వెడల్పాటి ముదురు రెక్కలు. దానికి వేరే డబ్బు అక్కర్లేదు. పాలిచ్చేటప్పుడు అమ్మ ముఖం సరిగ్గా ఆ 30 సెంటీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. నుదుటి మీద నల్లటి జుట్టు అంచు, కళ్లు, బొట్టు, అన్నీ కదిలేవే.

ఎరుపు మీద మోజు మరీ విడ్డూరం. తెలుపు మీద ఎరుపు బాగానే కనిపిస్తుంది. నలుపు మీద ముదురు ఎరుపు అచ్చేసిన అట్టను ఫోన్‌తో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి, బొమ్మ దాదాపు మాయమవుతుంది. వెలుగులో తేడా లేకపోతే రంగు ఒక్కటే చిన్న కంటికి పెద్దగా సాయం చేయదు. మూడు నాలుగు నెలలకల్లా రంగులు చక్కగా తెలుస్తాయి. అప్పటికి బొమ్మలన్నీ నోట్లోకే పోతాయి కాబట్టి నేనైతే రంగు కంటే ముందు ఐఎస్ఐ ముద్ర, ఊడివచ్చే ముక్కలు చూస్తాను.

కంటికి వెలుతురు, ఆకారాలు అందకపోతే చూపు దెబ్బతింటుందన్నది నిజమే. పుట్టుకతో శుక్లాలున్న బిడ్డల్లో జరిగేది అదే. అక్కడ కావలసింది అట్టలు కాదు, తొలి వారాల్లోనే ఆపరేషన్. కంటిపాప మధ్యలో తెల్లగా మెరిస్తే వెంటనే, మూడు నెలలు నిండినా ముఖాన్ని కళ్లతో వెంబడించకపోతే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించాలి.