తండ్రికీ కొడుకుకీ ఒకే పాళ్లు తగవు

షేర్లు, బాండ్లు, బంగారంలో సొమ్ము పెట్టేవారు ముందుగా తమ వయసు చూసుకోవాలి. 2008 జనవరిలో 21 వేల దాకా ఎగిసిన బొంబాయి షేర్ల సూచీ 2009 మార్చిలో 8 వేల చిల్లరకు దిగజారింది.

30 ఏళ్ల కొడుకు, 55 ఏళ్ల తండ్రి అప్పట్లో చెరి 5 లక్షలు తెచ్చి, అందులో 3 లక్షలు షేర్లలో పెట్టి ఉంటే, ఆ 3 లక్షలు సుమారు 1 లక్షా 20 వేలయ్యేవి. సంపాదన ఉన్న కొడుకు ఆగగలడు. 2010 నవంబరుకు సూచీ మళ్లీ 21 వేలు తాకింది. కాని ఆ మార్చిలోనే కూతురి పెళ్లికి షేర్లు అమ్ముకోవలసి వచ్చిన తండ్రికి 1 లక్షా 80 వేలు పోయినట్లే.

కావున తండ్రి షేర్లలో లక్ష, బాండ్లలో 3 లక్షలు, బంగారంలో లక్ష ఉంచడం మేలు. అప్పుడు షేర్లలో తగ్గేది 60 వేలే. పెళ్లి ఖర్చు బాండ్లే భరిస్తాయి. అయితే బాండు గడువు పెళ్లికి ముందే తీరాలి. వడ్డీరేట్లు పెరిగినప్పుడు మధ్యలో అమ్మితే ధర తగ్గుతుంది. బంగారం నగలుగా కొంటే మజూరీ, తరుగు తిరిగి రావు.

కొడుకుకు షేర్లు 3 లక్షలు, బాండ్లు లక్షన్నర, బంగారం 50 వేలు సబబే. కాని రెండేళ్లలో ఇల్లు కట్టదలచితే, ఆ సొమ్ము అతడూ షేర్లలో ఉంచరాదు.